ఇంట్లో బ్యాండ్‌విడ్త్‌ను ఏ పరికరం తినేస్తోందో కనిపెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్నెట్ నెమ్మదించింది. ఇంట్లోని ఏదో పరికరమే దానికి కారణమని ముందుగా ఎలా నిర్ధారించుకోవాలి?

నెమ్మదితనానికి మూడు చోట్ల కారణం ఉండవచ్చు. మీ పరికరానికీ రౌటర్‌కూ మధ్య ఉన్న వైఫై బలహీనంగా ఉండవచ్చు, సేవాసంస్థ లైనులోనే లోపం ఉండవచ్చు, లేదా లైను బాగానే ఉన్నా ఇంట్లోని మరో పరికరం దాన్ని నింపేస్తూ ఉండవచ్చు. ఈ మూడింటినీ వేరు చేయకుండా పరికరాల వేట మొదలుపెడితే, గోడ చాటున ఉన్న రౌటర్ చేసిన తప్పుకు ఎవరి ఫోనో నింద మోయవలసి వస్తుంది.

వేరు చేయడానికి రెండు పింగ్‌లు సరిపోతాయి. పింగ్ అంటే ఒక చిరునామాకు చిన్న ప్యాకెట్ పంపి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో కొలవడం. కంప్యూటర్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదానిలో రౌటర్‌ను, మరొకదానిలో బయటి చిరునామా ఒకదాన్ని ఆపకుండా పింగ్ చేయండి. విండోస్‌లో అయితే ఇలా:

```
ping -t 192.168.1.1
ping -t 1.1.1.1
```

మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ `-t` అవసరం లేదు. మీ రౌటర్ చిరునామా వేరుగా ఉంటే, విండోస్‌లో `ipconfig` ఇచ్చినప్పుడు `Default Gateway` ఎదురుగా కనిపించేదాన్ని వాడండి. రౌటర్ నుంచి జవాబు కొద్ది మిల్లీసెకన్లలోనే వస్తూ, బయటి చిరునామా నుంచి మాత్రం వందల మిల్లీసెకన్లు పడుతుంటే వైఫై నిర్దోషి. లైను నిండిపోయి ఉండవచ్చు, లేదా లైనులోనే లోపం ఉండవచ్చు. రౌటర్ జవాబే ఆలస్యమవుతుంటే ముందు వైఫై సంగతి చూడాలి. లైను నిండిందా, చెడిందా అన్నది తేల్చుకోవాలంటే, మీ కంప్యూటర్ తప్ప మిగతావన్నీ ఒక్క నిమిషం పాటు నెట్‌వర్క్ నుంచి తప్పించి చూడండి. పింగ్ వెంటనే మామూలు స్థితికి వస్తే దోషి ఇంట్లోనే ఉందన్నమాట.

రౌటర్ యాప్‌లో ఈ నెల అత్యధికంగా డేటా వాడిన పరికరం టీవీ అని కనిపిస్తోంది. అయితే టీవీయే కారణం కదా?

కాకపోవచ్చు. నెల మొత్తం లెక్కలో ముందున్న పరికరమూ, ఈ క్షణాన లైనును ఆపేస్తున్న పరికరమూ ఒకటే కానవసరం లేదు. టీవీలో వీడియో చూసినప్పుడు అది కొన్ని సెకన్లకు సరిపడా ముక్కను తెచ్చుకుని, కాసేపు ఊరుకుని, మళ్లీ ఇంకో ముక్క తెచ్చుకుంటుంది. రోజూ చూస్తే నెలాఖరుకు గిగాబైట్లు కుప్పలుగా పడతాయి గానీ, ముక్కకూ ముక్కకూ మధ్య లైనులో మిగిలినవారికి చోటు ఉంటుంది. గేమ్ డౌన్‌లోడ్ గానీ ఫొటోల బ్యాకప్ గానీ అలా ఊరుకోవు. పని పూర్తయ్యేదాకా లైను ఎంత ఇస్తే అంత తీసుకుంటాయి.

కాబట్టి వెతకవలసినది ఎవరు ఎక్కువ వాడారన్నది కాదు, ఇబ్బంది కలుగుతున్న ఆ పది నిమిషాల్లో ఎవరు, ఏ దిశలో వాడుతున్నారన్నది. నెలవారీ డేటా పరిమితి దాటిపోవడమే మీ సమస్య అయితే మాత్రం నెల లెక్కే చూడాలి. అది వేరే సమస్య.

దిశ అంత ముఖ్యమా? మాకు డౌన్‌లోడే నెమ్మదిస్తోంది కదా, అప్‌లోడ్‌ను ఎందుకు చూడాలి?

చాలామంది తప్పిపోయేది ఇక్కడే. చాలా కనెక్షన్లలో అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువగా ఉంటుంది. డౌన్‌లోడ్‌కు 100 ఎంబీపీఎస్ ఉండి, అప్‌లోడ్‌కు 10 మాత్రమే ఉన్న లైనులో, ఒక్క ఫోను బ్యాకప్ మొదలుపెడితే చాలు, పైకి వెళ్లే దారి మొత్తం నిండిపోతుంది.

పైకి వెళ్లే దారి నిండితే కిందికి వచ్చేది ఎందుకు ఆగాలి? మీరు ఒక పేజీ తెరిచినా, ఫైలు దించుకున్నా, వచ్చిన ప్రతి కొంత సమాచారానికీ మీ పరికరం అందిందని చిన్న రసీదులు వెనక్కి పంపుతూ ఉంటుంది. ఆ రసీదులు అందితేనే అవతలి సర్వర్ తర్వాతి భాగాన్ని పంపుతుంది. పైకి వెళ్లే దారిలో బ్యాకప్ ప్యాకెట్లు వరుస కట్టి ఉంటే, మీ రసీదులూ అదే వరుస చివర నిలబడాలి. చాలా రౌటర్లూ మోడెమ్‌లూ ప్యాకెట్లను వదిలేయడానికి ఇష్టపడక, పెద్ద బఫర్‌లో పోగు చేసుకుంటూ పోతాయి. అందువల్ల వరుస పెరిగి, 20 మిల్లీసెకన్లలో రావలసిన జవాబు అర సెకను తర్వాత వస్తుంది. దీనినే బఫర్‌బ్లోట్ అంటారు. వేగపరీక్షలో డౌన్‌లోడ్ అంకె పడిపోయినట్టు కనిపించినా, అసలు రోగం అప్‌లోడ్‌లో ఉండటం ఇందువల్లనే. వీడియో కాల్‌లో మీకు అవతలివారు బాగానే కనిపిస్తూ, వారికి మాత్రం మీ గొంతు తెగిపోతున్నదంటే అప్‌లోడ్‌ను అనుమానించడానికి అది మంచి ఆధారం.

రౌటర్‌లో ఏ పరికరం ఎంత వాడుతోందో ఎక్కడ, ఎలా చూడాలి?

రౌటర్ చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి లోపలికి వెళితే, లేదా దాని యాప్ తెరిస్తే, కనెక్ట్ అయిన పరికరాల జాబితా ఉంటుంది. కొన్ని రౌటర్లు ఒక్కో పరికరం ఎదురుగా అప్పటి వేగాన్ని చూపుతాయి. అప్పుడు పని సులువు. పంపిన, అందుకున్న వేగాలను విడివిడిగా చూస్తే చాలు.

మరికొన్ని రౌటర్లు వేగం చూపవు, ఇప్పటిదాకా పంపిన, అందుకున్న మొత్తం బైట్లను మాత్రమే చూపుతాయి. ఆ అంకె దానికదే ఏమీ చెప్పదు, ఎందుకంటే అది రౌటర్‌ను చివరిసారి రీస్టార్ట్ చేసినప్పటి నుంచో, ఆ పరికరం కనెక్ట్ అయినప్పటి నుంచో పెరుగుతూ వచ్చింది. ఇబ్బంది ఉన్న సమయంలో ఒకసారి జాబితాను ఫొటో తీసుకోండి, పది నిమిషాల తర్వాత మళ్లీ తీయండి, తేడా కట్టండి. తేడాయే అసలు వాడకం. ఈ మధ్యలో రౌటర్‌ను రీస్టార్ట్ చేయకండి. లెక్క సున్నాకు వెళ్లిపోవడమే కాక, ఆగిపోయిన బ్యాకప్ కూడా కొన్ని నిమిషాలు మౌనంగా ఉండి, సమస్య తీరిపోయిందన్న భ్రమ కలిగిస్తుంది.

ఇక్కడ ప్రమాణాల గందరగోళం ఒకటి ఉంది. సేవాసంస్థలు వేగాన్ని మెగాబిట్లలో చెబుతాయి, ఫైళ్లనూ రౌటర్ లెక్కలనూ సాధారణంగా మెగాబైట్లలో చూపుతారు. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అంటే సెకనుకు 1.25 మెగాబైట్లే, అంటే పది నిమిషాలకు 750 మెగాబైట్లు. మీ లైను పది నిమిషాల్లో గరిష్ఠంగా ఎంత మోయగలదో ఇలా ముందే కట్టి ఉంచుకుంటే, జాబితాలోని తేడా పెద్దదా చిన్నదా అన్నది చూడగానే తెలుస్తుంది.

ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరిదాకా చూపగలరా?

డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉన్న ఒక ఇల్లు అనుకుందాం. పగలంతా ఏ ఇబ్బందీ లేదు. రాత్రి పది దాటాక మాత్రం వీడియో కాల్‌లు తెగిపోతున్నాయి, ఆటల్లో ఆలస్యం కనిపిస్తోంది. పగలు బయటి చిరునామా పింగ్ 18 మిల్లీసెకన్ల దగ్గర ఉంటే, రాత్రి అదే 600 దాటుతోంది. రౌటర్ పింగ్ మాత్రం రెండు వేళల్లోనూ 3 మిల్లీసెకన్లే. అంటే వైఫైలో లోపం లేదు.

రాత్రి పదిన్నరకు రౌటర్ జాబితాను రెండుసార్లు, పది నిమిషాల తేడాతో తీస్తే ఇలా తేలింది: టీవీ 400 మెగాబైట్లు అందుకుంది, పంపినది లెక్కలోకి రానంత తక్కువ. ల్యాప్‌టాప్ రెండు దిశల్లోనూ స్వల్పం. పేరు లేకుండా, `da:` తో మొదలయ్యే మ్యాక్ చిరునామాతో, అంటే నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్యతో, ఉన్న ఒక పరికరం 690 మెగాబైట్లు పంపింది. ఈ లైను పది నిమిషాల్లో మోయగలిగినదే 750 కాబట్టి, అప్‌లోడ్ దారిలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఆ ఒక్క పరికరానిదే. టీవీ తీసుకున్నది అంకెలో పెద్దదిగానే కనిపించినా, డౌన్‌లోడ్ దారికి పది నిమిషాల్లో 7,500 మెగాబైట్లు మోసే శక్తి ఉంది. అందులో 400 అంటే దాదాపు ఏమీ కానట్టే.

ఇంట్లోని ఒక్కో ఫోనులో, ట్యాబ్లెట్‌లో వైఫై వివరాలు తెరిచి చూస్తే ఆ చిరునామా కొత్తగా కొన్న ఫోనుదని తేలింది. పాత ఫోనులోని 48 గిగాబైట్ల ఫొటోలూ వీడియోలూ అందులోకి వచ్చాయి, ఫొటోల యాప్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉంది. సెకనుకు 1.15 మెగాబైట్ల చొప్పున 48 గిగాబైట్లు పైకి వెళ్లడానికి ఏకధాటిగా దాదాపు పదకొండున్నర గంటలు కావాలి. కానీ ఆ ఫోను ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే బ్యాకప్ జరిగేలా అమర్చి ఉంది, యజమాని పది గంటలకు ఛార్జర్ పెట్టి, రెండింటికి తీసేస్తారు. రాత్రికి నాలుగు గంటల చొప్పున మూడు రాత్రులు పడుతుంది. పగలు ఏ ఇబ్బందీ లేకపోవడానికీ, నాలుగో రోజున ఎవరూ ఏమీ చేయకుండానే సమస్య మాయమైపోవడానికీ ఇదే కారణం. సేవాసంస్థకు ఫిర్యాదు చేసి ఉంటే, వారి మనిషి వచ్చేసరికి లైను భేషుగ్గా ఉండేది.

ఈ ఇంటికి తగిన పరిష్కారం బ్యాకప్‌ను శాశ్వతంగా ఆపడం కాదు. అందరూ నిద్రపోయే వేళ, లేదా ఇల్లు ఖాళీగా ఉన్న పగటిపూట ఫోనును ఛార్జింగ్‌లో ఉంచి ఒకసారి పూర్తి కానివ్వడమే. ఆ తర్వాత రోజువారీగా వెళ్లేవి ఆనాటి కొత్త ఫొటోలు మాత్రమే.

జాబితాలో పేరు లేని పరికరాన్ని ఎలా గుర్తించాలి? మ్యాక్ చిరునామా వెతికితే తయారీదారు పేరు రావాలి కదా?

మ్యాక్ చిరునామాలోని మొదటి మూడు జంటలు తయారీదారును సూచిస్తాయన్నది నిజమే గానీ, ఫోన్ల విషయంలో అది ఇప్పుడు పెద్దగా పనికిరాదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, వైఫైకి యాదృచ్ఛికంగా పుట్టించిన చిరునామాను వాడటం మామూలైంది. చిరునామాలోని రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది అలా పుట్టించినదని అర్థం. తయారీదారు కోసం వెతకడం దండగ. అలాంటప్పుడు ఒక్కో ఫోనులో వైఫై నెట్‌వర్క్ వివరాలు తెరిచి, అక్కడ కనిపించే చిరునామాతో పోల్చడమే దారి. ఒకసారి గుర్తించాక రౌటర్‌లో దానికి పేరు పెట్టి ఉంచండి, రెండోసారి వెతుకులాట తప్పుతుంది.

మా రౌటర్ పరికరాల పేర్లు మాత్రమే చూపుతుంది, వాడకం చూపదు. అప్పుడెలా?

అప్పుడు తొలగించి చూడటమే పద్ధతి. బయటి చిరునామా పింగ్‌ను నడుస్తూ ఉండనిచ్చి, పరికరాలను ఒక్కొక్కటిగా నెట్‌వర్క్ నుంచి తప్పించండి. ఒక్కొక్కటీ తప్పించాక అర నిమిషం ఆగండి, ఎందుకంటే వరుసలో ఇరుక్కున్నవి ఖాళీ కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఏ పరికరం తప్పుకోగానే పింగ్ 600 నుంచి 20కి పడిపోతుందో అదే దోషి. పరికరాలు చాలా ఉంటే సగం ఒకేసారి తప్పించి, ఏ సగంలో ఉందో తేల్చుకుంటే త్వరగా ముగుస్తుంది.

ఈ పద్ధతిలో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఫోనులో వైఫై ఆపితే అది మొబైల్ డేటాకు మారి, బ్యాకప్‌ను అక్కడ కొనసాగించవచ్చు. కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్ మేలు. రెండవది, తీగతో కలిపిన కన్సోల్, టీవీ, నిల్వ పరికరం, కెమెరా రికార్డర్ వంటివి వైఫై జాబితాలో ఉండవు. వైఫై మొత్తం ఆపేసినా పింగ్ తగ్గకపోతే తీగల వెంట వెళ్లండి.

దోషి కంప్యూటర్ అని తేలింది. అందులో ఏ ప్రోగ్రామ్ అన్నది ఎలా తెలుస్తుంది?

విండోస్‌లో టాస్క్ మేనేజర్ చూపే నెట్‌వర్క్ అంకె పంపినదాన్నీ అందుకున్నదాన్నీ కలిపేస్తుంది, కాబట్టి నేను `resmon` అని టైప్ చేసి రిసోర్స్ మానిటర్‌లోని నెట్‌వర్క్ విభాగాన్ని తెరవమంటాను. అక్కడ పంపినది, అందుకున్నది విడివిడిగా ఉంటాయి. పేరు `OneDrive.exe` లాంటిదైతే చిక్కు లేదు. `svchost.exe` అని వస్తే మాత్రం అది అనేక విండోస్ సేవలకు ఉమ్మడి ముసుగు. చాలా సందర్భాల్లో వెనకున్నది విండోస్ అప్‌డేట్.

విండోస్ అప్‌డేట్ డౌన్‌లోడ్ మాత్రమే చేస్తుందనుకోవడం పొరపాటు. విండోస్ 10 నుంచి డెలివరీ ఆప్టిమైజేషన్ అనే ఏర్పాటు ఉంది. మీ కంప్యూటర్ దించుకున్న అప్‌డేట్ భాగాలను అది ఇతర కంప్యూటర్లకు పంపగలదు. ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లకు కూడా పంపేలా అమర్చి ఉంటే మీ అప్‌లోడ్ అందులోకి పోతుంది. సెట్టింగ్స్‌లో `Delivery Optimization` పేజీలో దాన్ని మీ ఇంటి నెట్‌వర్క్ వరకే పరిమితం చేయవచ్చు. ఇప్పటిదాకా ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న లెక్క కూడా ఆ పేజీ నుంచే తెరుచుకునే `Activity monitor`లో ఉంటుంది.

మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ విభాగంలో పంపిన బైట్ల వరుస ప్రకారం అమర్చండి. `cloudd`, `bird` అన్న పేర్లు పైన ఉంటే అది ఐక్లౌడ్ పని. `nsurlsessiond` ఉంటే ఏదో యాప్ వెనుక నుంచి చేయిస్తున్న బదిలీ. లినక్స్‌లో `sudo nethogs` ప్రాసెస్ వారీగా వేగం చూపుతుంది.

ఫోనులో ఏ యాప్ అన్నది?

ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని డేటా వాడకం పేజీలో వైఫై వాడకాన్ని కూడా యాప్ వారీగా చూడవచ్చు, అయితే మెనూ చోటు తయారీదారును బట్టి మారుతుంది. ఐఫోన్ మొబైల్ డేటాకు మాత్రమే యాప్ వారీ లెక్క ఇస్తుంది, వైఫైకి ఇవ్వదు. కాబట్టి ఐఫోన్‌లో ఫొటోల యాప్ తెరిచి ఇంకా ఎన్ని అప్‌లోడ్ కావలసి ఉన్నాయో చూడటం, అనుమానమున్న యాప్‌ను ఆపి పింగ్ మీద కన్నేయడం తప్ప మార్గం లేదు.

కన్సోల్ ఆపేసే ఉంది. అది ఎలా వాడగలదు?

ఆపేసినట్టు కనిపించే కన్సోల్ తరచుగా నిద్రలో మాత్రమే ఉంటుంది. ప్లేస్టేషన్‌లో రెస్ట్ మోడ్, ఎక్స్‌బాక్స్‌లో స్లీప్ మోడ్ ఉన్నది ఆట అప్‌డేట్లను మీరు లేనప్పుడు దించుకోవడానికే. కన్సోల్ డౌన్‌లోడ్ అనేక కనెక్షన్లను ఒకేసారి తెరిచి నడుస్తుంది కాబట్టి, ఒకే కనెక్షన్‌తో నడిచే మీ పని కంటే ఎక్కువ వాటా లాగుతుంది. 90 గిగాబైట్ల ఆట 50 ఎంబీపీఎస్ లైనులో దిగడానికి, లైనంతా దానికే ఇచ్చినా 4 గంటలు పడుతుంది. దీని జాడ స్పష్టం: రౌటర్ లెక్కలో అందుకున్నది భారీగా, పంపినది అందులో చిన్న వంతుగా ఉంటుంది.

కన్సోల్ తెరపై డౌన్‌లోడ్ల వరుస చూస్తే పేరుతో సహా తెలిసిపోతుంది. అయితే అప్‌డేట్ జరుగుతోందని తెరపై ఉన్నంత మాత్రాన నెట్ వాడుతోందని కాదు. దించుకున్న ముక్కలను డిస్క్‌లో పాత ఫైళ్లతో కలిపే పనికీ చాలాసేపు పట్టవచ్చు. కంప్యూటర్‌లోని స్టీమ్ తన డౌన్‌లోడ్ పేజీలో నెట్‌వర్క్ గీతనూ డిస్క్ గీతనూ వేర్వేరుగా చూపడం ఈ విషయంలో మెచ్చుకోదగ్గది.

దోషి దొరికింది. దాన్ని ఆపకుండానే మిగిలినవారికి చోటు కల్పించడం ఎలా?

ముందు ఆ ప్రోగ్రామ్‌లోనే పరిమితి ఉందేమో చూడండి. కంప్యూటర్‌లోని చాలా క్లౌడ్ నిల్వ ప్రోగ్రామ్‌లలో అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టవచ్చు. 10 ఎంబీపీఎస్ లైనులో దానికి 5 లేదా 6 ఇచ్చి వదిలేస్తే పని ఆలస్యమవుతుంది గానీ ఎవరికీ తెలియదు. స్టీమ్‌లో వేగానికి హద్దూ, ఆట అప్‌డేట్లకు వేళలూ రెండూ పెట్టుకోవచ్చు. ఫోన్లలో అలాంటి హద్దు అరుదు, వేళ మార్చుకోవడమే చేయగలిగింది.

పరికరాలు ఎక్కువగా ఉన్న ఇంట్లో ఒక్కొక్కదాని వెంటా పడటం కంటే, రౌటర్‌లోనే వరుసను అదుపు చేయడం నా దృష్టిలో మెరుగైన మార్గం. మీ రౌటర్‌లో `SQM` అనే ఎంపిక ఉంటే, దాన్ని ఆన్ చేసి, వేగాలను నిజంగా కొలిచినదానిలో 90 శాతం దగ్గర పెట్టండి. కాస్త వేగం వదులుకున్నందుకు ప్రతిఫలంగా, వరుస మోడెమ్‌లో కాక రౌటర్ చేతిలో ఉంటుంది. రౌటర్ ఒక్కో ప్రవాహానికీ వంతు ఇస్తుంది కాబట్టి బ్యాకప్ పూర్తి వేగంతో నడుస్తున్నా పింగ్ పెద్దగా కదలదు. అయితే ఈ పనికి రౌటర్ ప్రాసెసర్ శక్తి కావాలి. చవక రౌటర్‌ను వేగవంతమైన లైనుపై పెట్టి దీన్ని ఆన్ చేస్తే మొత్తం వేగమే పడిపోవచ్చు. ఆన్ చేసే ముందూ తర్వాతా కొలిచి చూసుకోండి. వేగం గంటగంటకూ మారే కనెక్షన్లలో స్థిరమైన 90 శాతం అంకె సరిగా కుదరదు కూడా.

అన్నీ చూశాం. ఏ పరికరం లెక్కా పెద్దదిగా లేదు, లైను మాత్రం నిండుతోంది. ఏం తప్పిపోయింది?

ఎక్కువగా తప్పిపోయేవి రెండు. ఇంట్లో రెండో రౌటర్ ఉండి, అది తన నెట్‌వర్క్‌ను తానే నడుపుతుంటే, దాని వెనకున్న పరికరాలన్నీ మొదటి రౌటర్‌కు ఒక్క పేరుగానే కనిపిస్తాయి. అలాంటప్పుడు రెండో రౌటర్ లోపలికి వెళ్లి అక్కడి జాబితా చూడాలి. ఇక, కొన్ని రౌటర్లు వేగం కోసం ప్యాకెట్లను ప్రధాన ప్రాసెసర్‌కు చూపకుండా హార్డ్‌వేర్ ద్వారానే పంపించేస్తాయి. అప్పుడు వాడకం లెక్క తక్కువగా నమోదు కావచ్చు. పరికరాల మొత్తాన్ని రౌటర్ బయటి పోర్టు మొత్తంతో పోల్చి చూడండి; చాలా తేడా ఉంటే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనే ఎంపికను తాత్కాలికంగా ఆపి మళ్లీ కొలవండి.

చిన్నదిగా కనిపించి ఆగకుండా నడిచేవాటినీ మరిచిపోకండి. ఒక భద్రతా కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున రోజంతా క్లౌడ్‌కు పంపితే రోజుకు 21.6 గిగాబైట్లు అవుతుంది. అలాంటివి నాలుగు ఉంటే 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో 8 ఎప్పుడూ నిండే ఉంటుంది. పది నిమిషాల తేడాలో ఒక్కొక్కదానికీ 150 మెగాబైట్లే కనిపించడం వల్ల వాటి మీదికి చూపు పోదు. వాటిని కదలిక ఉన్నప్పుడే పంపేలా మార్చండి, లేదా రికార్డింగ్‌ను ఇంట్లోనే నిల్వ చేయండి.

ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ వేసి అందరి ట్రాఫిక్‌నూ చూడలేమా?

మామూలుగా చూడలేరు. స్విచ్ గానీ వైఫై గానీ ఇతరుల ప్యాకెట్లను మీ ల్యాప్‌టాప్‌కు పంపవు కాబట్టి, అందులో కనిపించేది మీ ట్రాఫికే. అందరిదీ ఒకచోట కలిసేది రౌటర్‌లోనే, కొలత కూడా అక్కడే జరగాలి. రౌటర్‌లో చూసినా సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి ఏ పరికరం, ఎంత, ఏ దిశలో అన్నది తెలుస్తుంది గానీ లోపల ఏ ఫొటో వెళుతోందో తెలియదు; దోషిని పట్టుకోవడానికి ఆ మూడూ చాలు.